రాసింది ఎవరు? ‘గురించి’ పేజీ చెప్పాల్సిన జవాబు

వాట్సాప్ గ్రూపులో ఒక లింకు వస్తుంది. నొక్కితే ‘వేరుశనగలో ఆకుమచ్చ తెగులుకు ఈ మందు కొట్టండి’ అని ఒక బ్లాగు పోస్టు తెరుచుకుంటుంది. చదివే మనిషి చేను గట్టు మీద నిలబడి ఉన్నాడనుకుందాం. మందు కొంటే ఖర్చు. కొనకపోతే ఆకు రాలిపోయి కాయ ఊరదేమోనని భయం. అప్పుడు అతని మనసులో మెదిలే మొదటి ప్రశ్న మందు గురించి కాదు. ‘ఇంతకీ ఇది రాసింది ఎవరు?’ అనేదే.

ఆ ప్రశ్నకు జవాబు దొరకాల్సిన చోటు బ్లాగులోని ‘గురించి’ పేజీ. అబౌట్ పేజీ అని అందరం పిలిచేది దీన్నే. బ్లాగు మొదలుపెట్టేవాళ్లు రంగులు, టెంప్లేటు, లోగో కోసం వారం తిరుగుతారు. ఈ పేజీని మాత్రం చివర్లో నాలుగు లైన్లతో నింపేస్తారు. అలాంటి ఒక పేజీని ఈ మధ్య విప్పి మళ్లీ కట్టాం. ఏం తీసేశామో, ఏం పెట్టామో, ఎందుకో వరసగా చెప్తాను. మీ బ్లాగు సినిమాల మీదైనా, వంటల మీదైనా పద్ధతి ఇదే.

బ్లాగు మా చిన్నాన్న కొడుకుది. వాడు యాడికి మండలంలో వేరుశనగ పండిస్తాడు. డిగ్రీ చదివాడు, ఫోన్లోనే టైప్ చేసి బ్లాగర్‌లో పోస్టులు పెడతాడు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను కాబట్టి కంప్యూటర్ పని ఏదున్నా నాకే ఫోన్. ‘అన్నా, పోస్టు చదువుతాండారు గానీ ఎవురూ మళ్లీ రావడంల్యా. కొంచెం చూడు’ అన్నాడు. చూశాను. పోస్టులు బాగున్నాయి. ‘గురించి’ పేజీ దగ్గర ఆగిపోయాను.

పాత పేజీలో ఏముంది?

‘రైతు సేవే పరమావధిగా, ఆధునిక వ్యవసాయ సమాచారాన్ని అన్నదాతలకు చేరవేయాలనే సంకల్పంతో మా బృందం అహర్నిశలు కృషి చేస్తోంది. మమ్మల్ని ఆదరిస్తారని ఆశిస్తున్నాం.’ అంతే. పైన పొలం ఫొటో, దాని మూలన నాగలి, వరి కంకి ఉన్న గుండ్రటి ముద్ర లాంటి లోగో.

ఈ వాక్యాల్లో తప్పు ఒక్కటీ లేదు. కానీ వీటిని తీసుకెళ్లి చిత్తూరులో మామిడి బ్లాగులో పెట్టినా, గుంటూరులో మిర్చి బ్లాగులో పెట్టినా సరిపోతాయి. ఎక్కడ పెట్టినా సరిపోయే వాక్యం ఇక్కడ మనిషి గురించి ఏమీ చెప్పదు. ఇదొక మంచి కొలత. మీ పేజీలో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ‘ఇది ఇంకొకరి బ్లాగులో అతికించినా చెల్లుతుందా?’ అని అడగండి. చెల్లితే కొట్టేయండి.

రెండో చిక్కు ‘మా బృందం’. బ్లాగులో ఉన్నది ఒక్కడే. తెలుగులో ‘మేము’ అనగానే వెనకాల ఆఫీసు, నలుగురు మనుషులు ఉన్నారనిపిస్తుంది. మర్యాదగా ఉంటుందని రాస్తాం గానీ, చదివేవాడు కామెంటు పెట్టి మూడు రోజులు జవాబు రాకపోతే ‘ఇంతమంది ఉండి పలకరే’ అనుకుంటాడు. ఒక్కరే ఉంటే ‘నేను’ అనే రాయండి. ఒక్క మనిషి మూడు రోజులు ఆలస్యం చేస్తే ఎవరైనా అర్థం చేసుకుంటారు.

ముందు బ్లాగును లెక్కపెట్టాలి

కొత్త పేజీ రాయడానికి కూర్చున్నప్పుడు మేం మొదట చేసింది రాయడం కాదు, పాత పోస్టుల్ని లెక్కపెట్టడం. మొత్తం 31 ఉన్నాయి. అందులో 22 వేరుశనగ సాగు మీద, 5 ఆ ఏడాది వానల మీద, 4 సినిమాల మీద. తేదీలు చూస్తే ఇంకో విషయం బయటపడింది. దాదాపు అన్నీ జూన్ నుంచి నవంబర్ మధ్య రాసినవే. మిగతా నెలల్లో బ్లాగు నిద్రపోతోంది.

కారణం అందరికీ తెలిసిందే. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే. వాన మీద ఆధారపడి వేసే వేరుశనగ జూన్, జూలైలో విత్తుతారు, అక్టోబర్, నవంబర్‌లో పీకుతారు. చేలో పని ఉన్నన్నాళ్లే వాడి దగ్గర రాయడానికి విషయం ఉంటుంది.

‘వారానికో పోస్టు పెడ్తానని రాయల్లనా అన్నా?’ అని అడిగాడు. వద్దన్నాను. పాఠకుడు ఏం ఆశించాలో చెప్పడమంటే మనం చేయాలనుకునేది చెప్పడం కాదు, ఇప్పటిదాకా చేస్తున్నది చెప్పడం. అందుకే ఇలా రాశాం: ‘జూన్ నుంచి నవంబర్ వరకు నెలకు మూడు నాలుగు పోస్టులు ఉంటాయి. మిగతా నెలల్లో దాదాపు ఉండవు.’ జనవరిలో వచ్చిన మనిషి చివరి పోస్టు నవంబర్‌లో ఉండటం చూసి ‘ఈ బ్లాగు మూతపడింది’ అనుకోడు. జూన్‌లో మళ్లీ చూస్తాడు. వారానికొకటి అని రాసి ఉంటే, అదే ఖాళీ అతనికి మాట తప్పినట్టు కనిపించేది.

సినిమా పోస్టులు నాలుగింటినీ వేరే బ్లాగుకు మార్చేశాడు. తెగులు గురించి వెతుక్కుంటూ వచ్చినవాడికి పక్కన సినిమా రివ్యూ కనిపిస్తే, ఇది కాలక్షేపం బ్లాగు అనుకుంటాడు.

మొదటి స్క్రీన్‌లోనే మనిషి కనపడాలి

ఫోన్లో పేజీ తెరిస్తే వేలితో పైకి జరపకుండా కనిపించేది చాలా తక్కువ. పైన ఫొటో పెడితే తెలుగులో మూడు నాలుగు వాక్యాలకు మించి పట్టవు. కాబట్టి ఫొటోను కిందికి దించి, ఎవరు, ఎక్కడ, దేని గురించి అనే మూడు ముక్కలు పైన పెట్టాం. పేరు మాత్రం ఇక్కడ తీసేశాను. మిగతాది ఉన్నది ఉన్నట్టు:

‘నేను యాడికి మండలంలో ఐదెకరాల ఎర్రనేలలో, వాన మీద వేరుశనగ పండిస్తాను. నా చేలో ఏం చేశానో, ఏం జరిగిందో ఈ బ్లాగులో రాస్తాను. ఇది ప్రభుత్వ సైటు కాదు, ఏ కంపెనీదీ కాదు.’

‘ఎర్రనేల’, ‘వాన మీద’ అనే రెండు మాటలు అలంకారం కోసం పెట్టినవి కావు. నల్లరేగడిలో, బోరు కింద పండించే రైతు ఈ రెండూ చదవగానే, ఇక్కడ రాసింది తన చేనుకు అట్లే పనికిరాదని తెలుసుకుంటాడు. ఎవరికి పనికిరాదో చెప్తే పాఠకులు తగ్గుతారని భయపడతాం. నిజానికి పనికొచ్చేవాళ్లకు ధైర్యం వస్తుంది.

వేరే సబ్జెక్టుకు కూడా ఇలాంటి మాటలుంటాయి. వంటల బ్లాగైతే ఇంట్లో ఎంతమందికి వండుతారు, గ్యాస్ పొయ్యా, ఓవెనా. ఫోన్ రివ్యూలైతే ఫోన్ ఎన్నాళ్లు వాడాక రాస్తారు, కొన్నదా, కంపెనీ పంపిందా.

ఎలా తెలుసు? ఎక్కడిదాకా తెలుసు?

నమ్మకం అసలు ఇక్కడ తేలుతుంది. వాడి పోస్టుల్లో మూడు రకాల సంగతులు కలిసిపోయి ఉన్నాయి. తన చేలో కళ్లారా చూసినవి కొన్ని. కదిరి, రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రాల వాళ్లు చెప్పినవి కొన్ని. పక్క రైతులు చెప్పగా విన్నవి కొన్ని. మూడూ ఒకే గొంతుతో రాస్తే, చదివేవాడికి ఏది ఎంత గట్టిదో తెలియదు.

అందుకే పేజీలో ఒక పద్ధతి ప్రకటించాం: ‘నా చేలో చూసింది “నేను చూసింది” అని, శాస్త్రవేత్తలు, అధికారులు చెప్పింది “వాళ్లు చెప్పింది” అని, విన్నది “విన్నాను” అని ప్రతి పోస్టులోనూ రాస్తాను.’ రాసేశాక పాత పోస్టులు 27 కూడా ఒక్కొక్కటిగా తెరిచి అట్లే సరిదిద్దాడు. దీనికి రెండు ఆదివారాలు పట్టింది. ఈ పని చేయకుండా పేజీలో మాట మాత్రం రాస్తే, పోస్టు తెరిచిన మొదటి మనిషికే తేడా దొరికిపోతుంది.

ఆ తర్వాత హద్దు. వాడికి కామెంట్లలో తరచూ వచ్చే ప్రశ్న, ఆకు ఫొటో పెట్టి ‘ఏం మందు కొట్టాలి, ఎంత?’ అని. ఫొటో చూసి చెప్పడం ప్రమాదం. ఆకు మీద మచ్చ తెగులు వల్ల రావచ్చు, పోషకాల లోపం వల్ల రావచ్చు, ముందు కొట్టిన మందు ఎక్కువై మాడటం వల్ల కూడా రావచ్చు. ఫోన్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి పేజీలో ఇలా ఉంది: ‘ఫొటో చూసి మందు పేరు, మోతాదు చెప్పను. తొందరగా కావాలంటే మీ రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.’

చేయలేనిది చెప్పి ఊరుకుంటే తలుపు మూసినట్టు ఉంటుంది. దాని పక్కనే ఎక్కడికి వెళ్లాలో చెప్తే అది కూడా సాయమే.

డబ్బు సంగతి

బ్లాగు కొంచెం నడిచాక పురుగుమందుల దుకాణం ఒకటి మా తమ్ముణ్ణి కదిలించింది. ఒక మందు గురించి మంచిగా రాస్తే నాలుగు ప్యాకెట్లు ఊరికే ఇస్తామన్నారు. ‘డబ్బు కాదు గదా అన్నా, ప్యాకెట్లే గదా’ అన్నాడు. తేడా ఏమీ లేదు. ఊరికే వచ్చిన వస్తువు కూడా ప్రతిఫలమే. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి, అంటే ఆస్కీ, 2021లో సోషల్ మీడియాలో రాసేవాళ్లకు, వీడియోలు చేసేవాళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉచితంగా వచ్చిన వస్తువుల్ని కూడా లెక్కలోకి తీసుకుంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ విడుదల చేసిన సూచనలు కూడా అదే చెప్తున్నాయి.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ‘కొన్ని పోస్టులకు ప్రతిఫలం అందుతుంది’ అని ‘గురించి’ పేజీలో ఒక లైన్ రాసేసి, ఇంక చెప్పేశాం కదా అనుకుంటారు. అది చాలదు. ఆస్కీ కూడా ఈ మాట స్పష్టంగానే చెప్పింది. ఎందుకంటే పాఠకుడు వాట్సాప్ లింకు పట్టుకుని నేరుగా పోస్టులోకి వస్తాడు. ‘గురించి’ పేజీని అసలు చూడకపోవచ్చు. ప్రతిఫలం మాట ఆ పోస్టులోనే, పైనే ఉండాలి. ‘గురించి’ పేజీలో ఉండాల్సింది మీ నియమం.

తమ్ముడు ప్యాకెట్లు వద్దన్నాడు. పేజీలో రాసింది ఇది: ‘ఏ మందు కంపెనీ నుంచి, దుకాణం నుంచి డబ్బు గానీ వస్తువు గానీ తీసుకోను. బ్లాగులో గూగుల్ ప్రకటనలు వస్తాయి. వాటిలో ఏ మందు కనిపించినా నేను సిఫారసు చేసినట్టు కాదు.’ రెండో సంగతి మర్చిపోవద్దు. వేరుశనగ పోస్టు పక్కన మందు ప్రకటన పడితే, రెండూ ఒకరివే అనుకునేవాళ్లు ఉంటారు.

పెద్ద సైట్లు ఈ పని ఎలా చేస్తాయో చూడాలంటే పరి తెరవండి. గ్రామీణ భారతం మీద పాలగుమ్మి సాయినాథ్ 2014 డిసెంబర్‌లో మొదలుపెట్టిన సైటు అది. అనంతపురం కథనాలు కూడా అందులో ఉన్నాయి, తెలుగులోనూ చదవొచ్చు. అది ఏంటి, ఎవరు నడుపుతున్నారు, ఖర్చు ఎలా వెళ్తోంది అనేవి దాని పరిచయంలో తెలుస్తాయి. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ వెబ్ పత్రికైతే రచనలు సమీక్షకు వెళ్లాకే ప్రచురిస్తామని ముందే చెప్తుంది. రాసి పంపేవాళ్లకూ, చదివేవాళ్లకూ ఏం ఎదురుచూడాలో తెలిసిపోతుంది. మనది ఐదెకరాల బ్లాగే కావచ్చు, ప్రశ్నలు మాత్రం అవే.

లింకు కూడా నమ్మకంలో భాగమే

ఇది కాస్త టెక్నికల్, కానీ రెండు నిమిషాల పని. వర్డ్‌ప్రెస్‌లో పేజీకి ‘గురించి’ అని తెలుగులో పేరు పెడితే, లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే చాలాసార్లు ఇలా కనిపిస్తుంది:

```
/%E0%B0%97%E0%B1%81%E0%B0%B0%E0%B0%BF%E0%B0%82%E0%B0%9A%E0%B0%BF
```

తెలుగులో ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. ‘గురించి’లో గుర్తులు ఏడు, కాబట్టి 63 అక్షరాలు. మోసపు లింకుల గురించి విన్నవాడెవడూ దీన్ని నొక్కడు. వర్డ్‌ప్రెస్‌లో పేజీ సెట్టింగుల్లో లింకు చివరి ముక్కను మార్చుకోవచ్చు. బ్లాగర్‌లో చిక్కు ఇంకోలా ఉంటుంది. పేరు తెలుగులో ఉంటే అది `blog-page.html` అనే అర్థం లేని లింకు ఇస్తుంది. దీనికి చిట్కా ఏంటంటే, ముందు పేజీ పేరు ఇంగ్లిష్‌లో `about` అని పెట్టి పబ్లిష్ చేయాలి. లింకు ఇలా వస్తుంది:

```
/p/about.html
```

ఆ తర్వాత పేరును ‘గురించి’ అని తెలుగులోకి మార్చినా లింకు మారదు. చివరగా లేఅవుట్‌లోకి వెళ్లి పేజీల గాడ్జెట్‌లో దీన్ని టిక్ చేయాలి. లేకపోతే పేజీ ఉంటుంది గానీ మెనూలో కనపడదు.

సంప్రదించడానికి ఫోన్ నంబర్ పెడదామనుకున్నాడు. వద్దని బ్లాగర్‌లోనే ఉండే కాంటాక్ట్ ఫారం పెట్టించాను. అందరికీ కనిపించే నంబర్‌కు రైతులకంటే ముందు లోన్ కాల్స్ వస్తాయి. మండలం పేరు చాలు, ఇంటి చిరునామా అక్కర్లేదు. ఫారం పక్కన ‘తప్పు కనిపిస్తే చెప్పండి. సరిదిద్ది, ఏం మార్చానో ఆ పోస్టు కిందే తేదీతో రాస్తాను’ అని చేర్చాడు.

ఇరవై సెకన్ల పరీక్ష

పేజీ బాగుందో లేదో రాసినవాళ్లకు తెలియదు. మాకు అన్నీ ముందే తెలుసు కాబట్టి లేనిది కూడా ఉన్నట్టే చదువుతాం. అందుకని బ్లాగు గురించి ఎప్పుడూ వినని ఒక పెద్దాయనకు తమ్ముడు టీ అంగడి దగ్గర ఫోన్ ఇచ్చాడు. ఇరవై సెకన్లు చదవనిచ్చి వెనక్కి తీసుకుని నాలుగు ప్రశ్నలు అడిగాడు. రాసింది ఎవరు? యాడుంటాడు? దేని గురించి రాస్తాడు? దీంట్లో ఎవరికి లాభం?

మొదటి మూడూ సరిగ్గా చెప్పాడు. నాలుగోదానికి, ‘ఇది గవర్నమెంటోళ్లది గదప్పా, ముద్ర ఉండాదే’ అన్నాడు. ప్రభుత్వ సైటు కాదని మూడో వాక్యంలోనే రాసి ఉంది. అయినా అక్షరాల కంటే ముందు ఆ గుండ్రటి లోగో ఆయన కంట్లో పడింది. బొమ్మ ఒకటి చెప్పి, మాట ఇంకొకటి చెప్తే జనం బొమ్మనే నమ్ముతారు. 2002లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు రెండున్నర వేల మందికి పైగా మనుషులకు వెబ్‌సైట్లు చూపించి నమ్మకం గురించి అడిగితే, వచ్చిన వ్యాఖ్యల్లో దాదాపు సగం సైటు కనిపించే తీరు మీదే ఉన్నాయి. మాట ఒక్కటే ఎంత బాగా రాసినా చాలదనడానికి అదొక లెక్క.

లోగో తీసేసి, చేలో మొక్క పీకి చేత్తో పట్టుకున్న తన ఫొటో ఒకటి పెట్టాడు. ఇంకో ఇద్దరికి చూపిస్తే, ఇద్దరూ ‘ఎవరో రైతు రాసుకున్నాడు’ అన్నారు. కావాల్సింది ఆ జవాబే.

మీరు కూడా ఈ పరీక్ష పెట్టేటప్పుడు ‘బాగుందా?’ అని మాత్రం అడగొద్దు. మన ముఖం చూసి అందరూ బాగుందనే అంటారు. ఏం అర్థమైందో చెప్పమనండి. తప్పు చెప్తే వాళ్లకు వివరించకండి, ఆ చోట పేజీని మార్చండి.

మొత్తం పేజీ ఇప్పుడు ఫోన్లో రెండు స్క్రీన్ల పొడవు. చివరి లైన్‌లో ఒక తేదీ ఉంది, చివరిసారి ఎప్పుడు సరిచూశాడో చెప్తూ. ఏటా ఏరువాకకు ముందు ఒకసారి పేజీ తెరిచి, ఎకరాలు మారాయా, రాసే విషయం మారిందా, ప్రకటనల నియమం అదేనా అని చూసి ఆ తేదీ మార్చాలి. విత్తనాలు ఆరబోసే రోజుల్లోనే ఈ పని కూడా చేస్తానని తమ్ముడు తన క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాడు.